కాన్పు క్లెయిమ్ ఉత్తరం: ఒకే బిల్లును రెండుగా చేయించుకున్నాకే రాయండి

ప్రశ్న: మాది గుంటూరు. నా పేరు మీద 2021 జులై 10 నుంచి హెల్త్ పాలసీ ఉంది. పెళ్లయ్యాక 2022 జులై రెన్యువల్‌లో మా ఆవిడని చేర్చాను. కాన్పుకి 36 నెలల వెయిటింగ్ పీరియడ్, సిజేరియన్‌కి 50,000 పరిమితి, పుట్టిన బిడ్డకి మొదటి రోజు నుంచి 90 రోజుల వరకు కవర్ అని పాలసీలో ఉంది. 2024లో రెన్యువల్ ఎనిమిది రోజులు లేటుగా, జులై 18న కట్టాను. 2025 సెప్టెంబరు 3న విజయవాడలో, వాళ్ల పుట్టింటి దగ్గర సిజేరియన్ అయ్యి పాప పుట్టింది. పాపకి కామెర్లు వస్తే 5 నుంచి 8 దాకా ఎన్ఐసీయూలో పెట్టి లైట్ కింద ఉంచారు. క్యాష్‌లెస్ రాలేదు. 1,15,800 కట్టేశాం, అంతా కలిపి ఒకే బిల్లు ఇచ్చారు. వెయిటింగ్ పూర్తి కాలేదంటారేమోనని భయం. పాపకి ఇంకా పేరు పెట్టలేదు. క్లెయిమ్‌కి, పాపని చేర్చడానికి కంపెనీకి ఉత్తరం ఎలా రాయాలండీ?

జవాబు:

ఉత్తరం మొదలుపెట్టే ముందు ఒకసారి ఆ హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్‌కి వెళ్లి రండి. మీ విషయంలో వెయిటింగ్ పీరియడ్ కంటే ఆ ఒకే బిల్లు ఎక్కువ నష్టం చేస్తుంది. తల్లి పేరు మీద ఒకే ఐపీ నంబరుతో, అంటే హాస్పిటల్లో చేరినప్పుడు ఇచ్చే నంబరుతో, బిల్లు వెళితే, చూసే మనిషి దాన్ని మొత్తంగా ప్రసూతి ఖర్చు కింద వేసి 50,000 దగ్గర ఆపేస్తాడు. పాప ఎన్ఐసీయూ ఖర్చు కూడా ఆ 50,000లోనే కలిసిపోతుంది. అదే పాప పేరు మీద విడిగా బిల్లు ఉంటే అది నవజాత శిశువు కవర్ కిందికి వస్తుంది, ఆ పరిమితి వేరుగా ఉండొచ్చు.

ఇక్కడ పాలసీ పుస్తకంలో ఒక వాక్యం వెతకండి. బిడ్డ కవర్ ‘ప్రసూతి పరిమితికి లోబడి’ అని రాసి ఉందా, ‘బీమా మొత్తం వరకు’ అని ఉందా చూడండి. మొదటిదైతే బిల్లు విడదీసినా డబ్బు పెరగదు. రెండోదైతే మీకు వచ్చే తేడా చిన్నది కాదు. ఒక అంచనా లెక్క చెబుతాను. 1,15,800లో పాప ఎన్ఐసీయూ గది, ఫొటోథెరపీ, పిల్లల డాక్టర్ విజిట్లు, బిలిరుబిన్ పరీక్షలు, మందులు కలిపి 31,200 అనుకుందాం. మిగతా 84,600 తల్లిది. డైపర్లు, వైప్స్, బేబీ కిట్, శానిటరీ ప్యాడ్లు, ఆపరేషన్ తర్వాత వేసే బెల్టు లాంటివాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు. అలాంటివి తల్లి బిల్లులో 3,100, పాప బిల్లులో 1,400 ఉన్నాయనుకుంటే తల్లికి 81,500 మిగిలి 50,000 దగ్గర ఆగుతుంది. పాపకి 29,800 వస్తుంది. మొత్తం 79,800. బిల్లు కలిపే ఉంటే 50,000 మాత్రమే.

ఈ లెక్కలోంచే ఇంకొకటి తెలుస్తుంది. తల్లి బిల్లులో చిన్న చిన్న కోతల గురించి కంపెనీతో వాదించి లాభం లేదు. కోతలు పోయినా పరిమితి దాటే ఉంది. మీ శ్రమంతా పాప బిల్లు మీద పెట్టండి.

హాస్పిటల్లో అడగాల్సినవి ఇవీ. పాపకి విడి ఐపీ నంబరు. ఎన్ఐసీయూలో చేర్చినప్పుడు ఇది దాదాపు ఎప్పుడూ ఇస్తారు, బిల్లులోకి మాత్రం రాదు. ‘బేబీ ఆఫ్’ తర్వాత తల్లి పేరుతో విడి ఫైనల్ బిల్లు, రోజువారీ వివరాలతో. పాపకి విడి డిశ్చార్జ్ సమ్మరీ. అందులో చేర్చిన తేదీ, సమయం, బిలిరుబిన్ ఎంత ఉందో, ఫొటోథెరపీ ఎన్ని గంటలు ఇచ్చారో, బరువు ఉండాలి. ఎన్ఐసీయూ ఎందుకు అవసరమైందో ఒక్క వాక్యమైనా రాయించండి. అది లేకపోతే ‘తల్లి పక్కనే ఉంచి చూడొచ్చు కదా’ అన్న ప్రశ్న వస్తుంది.

విడదీసేటప్పుడు రెండు బిల్లుల మొత్తం పాత మొత్తానికి రూపాయితో సహా సరిపోవాలి. పాత బిల్లు రద్దు చేసినట్లు కొత్త బిల్లు మీద గుర్తు ఉండాలి. అడ్వాన్సు రసీదు, చివరి రసీదు కలిపితే కూడా 1,15,800 రావాలి. జరిగిన ఖర్చును జరిగినట్లే రెండు కాగితాల మీదికి తెస్తున్నారు, అంతే. తేదీలు గానీ, జబ్బు పేరు గానీ మార్పించకండి. కంపెనీ మనిషి హాస్పిటల్‌కి వచ్చి కేస్ షీట్ చూస్తే అన్నీ బయటపడతాయి, అప్పుడు సరైన క్లెయిమ్ కూడా పోతుంది. డబ్బు మీ మామగారు తన ఫోన్ నుంచి కట్టి ఉన్నా ఇబ్బంది లేదు. రసీదు మీద పేషెంటు పేరు ఉంటే చాలు. క్లెయిమ్ డబ్బు మాత్రం పాలసీదారుగా మీ ఖాతాలోకే వస్తుంది కాబట్టి క్యాన్సిల్డ్ చెక్కు మీది పెట్టండి.

పుట్టింటి కాన్పుల్లో తరచు అడ్డం తిరిగేది పేరు. హాస్పిటల్లో అత్తగారు వాళ్లు పుట్టింటి ఇంటిపేరుతో రాయిస్తారు, పాలసీలో మీ ఇంటిపేరు ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు వస్తుంది, ఇంకోచోట పూర్తిగా చివర వస్తుంది. కంప్యూటర్‌కి వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులే. రెండు పేర్లూ ఒకరివేనని ఉత్తరంలో ఒక వాక్యం రాసి, ఆధార్ నకలు జతచేయండి. వీలైతే డిశ్చార్జ్ సమ్మరీలోనే పాలసీ మీదున్న పేరు వేయించుకోవడం మేలు. పాప రికార్డులన్నీ తల్లి పేరు మీదే నడుస్తాయి కాబట్టి ఇక్కడ తప్పు పడితే రెండు క్లెయిములూ ఆగుతాయి.

ఇప్పుడు వెయిటింగ్ పీరియడ్ సంగతి. మీ పాలసీ 2021ది అని ఉత్తరంలో గట్టిగా రాయాలనిపిస్తుంది, రాయకండి. లెక్క మీ ఆవిడ కవర్ మొదలైన రోజు నుంచి. అది 2022 జులై 10. అక్కడి నుంచి 36 నెలలు 2025 జులై 9తో పూర్తయ్యాయి. కాన్పు సెప్టెంబరు 3న, అంటే ఆమెకి నాలుగో పాలసీ సంవత్సరంలో జరిగింది. మీరే 2021 అని మొదలుపెడితే, అవతలి మనిషి ‘ఈమె పేరు మొదటి ఏడాది పాలసీలో లేదే’ అని పక్కన పెట్టి ప్రశ్న పంపుతాడు, పది రోజులు పోతాయి. మధ్యలో ఎప్పుడైనా ప్లాన్ మార్చి ఉంటే, ప్రసూతి కవర్ ఏ ఏడాది నుంచి ఉందో కూడా చూసుకోండి. కవర్ లేని ప్లాన్‌లో గడిపిన ఏడాది ఈ లెక్కలోకి రాకపోవచ్చు.

ఎనిమిది రోజుల ఆలస్యానికి భయపడకండి. ఏడాదికోసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపు కడితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం పోదు. ఆ ఎనిమిది రోజుల్లో జబ్బు చేసి ఉంటే ఆ ఖర్చు మాత్రం ఇవ్వరు. ఒకవేళ కంపెనీ 2024 పాలసీని జులై 18 నుంచి మొదలైనట్లు ముద్రించి, ఆ ఎనిమిది రోజులు లెక్కలో కలపకపోయినా 36 నెలలు 2025 జులై 17కి నిండుతాయి. కాన్పు అప్పటికి ఇంకా నెలన్నర దూరంలో ఉంది. ఈ రెండు లెక్కలూ ఉత్తరంలో పెట్టండి. ప్రశ్న అడగకముందే జవాబు ఉన్న కాగితం త్వరగా కదులుతుంది.

ఇంకో అనుమానం గర్భం ఎప్పుడు వచ్చిందన్నది. స్కానింగ్‌లో డెలివరీ తేదీ సెప్టెంబరు 10 అని వేసి ఉంటే చివరి నెలసరి 2024 డిసెంబరు 4 అవుతుంది. అంటే గర్భం వెయిటింగ్ కాలంలోనే వచ్చింది. ప్రసూతి క్లాజు సాధారణంగా కాన్పు జరిగిన రోజుని, ఖర్చయిన రోజుని చూస్తుంది. మీ పాలసీలోనూ మాటలు అలాగే ఉంటే గర్భం వచ్చిన తేదీ అడ్డం కాదు. క్లాజు నంబరు వేసి అదే మాట ఉత్తరంలో ఉటంకించండి.

అయితే ఇదే నియమం ఇంకోవైపు కూడా కోస్తుంది. జులై 10కి ముందు చేయించిన స్కాన్లు, రక్తపరీక్షలు, డాక్టర్ ఫీజులు వెయిటింగ్ కాలంలో అయిన ఖర్చులు. కాన్పుకి ముందు ఖర్చులు పాలసీలో ఉన్నాసరే ఆ బిల్లులు క్లెయిమ్‌లో కలపకండి. అవి ఎలాగూ రావు. పైగా ఫైలు తెరవగానే ఫిబ్రవరి తేదీ కనిపిస్తే ‘వెయిటింగ్ కాలంలో ఖర్చు’ అన్న ముద్ర ఫైలంతటికీ పడే ప్రమాదం ఉంది. మొదటి స్కాన్ రిపోర్టు, మొదటి కన్సల్టేషన్ చీటీ మాత్రం రుజువుగా పెట్టండి, వాటి బిల్లులు వద్దు.

పాపని పాలసీలో చేర్చమన్న కోరిక ఇదే ఉత్తరంలో రాయండి, దాంతోపాటు విడి కాగితం మీద కూడా ఇవ్వండి. క్లెయిములు చూసే విభాగం వేరు, పాలసీలో మార్పులు చేసే విభాగం వేరు. క్లెయిమ్ ఉత్తరం చివర ఒక్క వాక్యంగా రాసిన కోరిక క్లెయిమ్ ఫైల్లోనే ఉండిపోవడం మామూలే. ఏజెంటుకి వాట్సాప్‌లో ఫొటో పంపడం కంపెనీకి తెలియజేసినట్లు కాదు. పుట్టిన రోజుతో కలిపి లెక్కిస్తే మీ పాపకి 90 రోజులు డిసెంబరు 1తో నిండుతాయి. ఆ లోపు కంపెనీ ముద్రతో గానీ, ఈమెయిల్ జవాబుతో గానీ రుజువు మీ చేతిలో ఉండాలి. తర్వాత అదనపు ప్రీమియం ఎంతో చెబుతారు, అది కట్టాక పాపని చేర్చినట్లు ఎండార్స్‌మెంట్ కాగితం వస్తుంది. అందులో పాప పుట్టిన తేదీ, కవర్ మొదలైన తేదీ సరిగా ఉన్నాయో చూడండి. కవర్ మొదలు పుట్టిన రోజు అని ఉండాలి. ప్రీమియం కట్టిన రోజు అని పడితే ఎన్ఐసీయూ బిల్లుకి అడ్డం వస్తుంది, వెంటనే సరిచేయించండి.

పేరు కోసం ఆగనవసరం లేదు. బారసాల అయ్యేదాకా పేరు లేకుండానే జనన ధ్రువపత్రం వస్తుంది. ఏడాది లోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. పుట్టిన చోటే నమోదు కాబట్టి మీరు గుంటూరులో అడిగి లాభం లేదు, విజయవాడ కార్పొరేషన్ పరిధిలోనే తీసుకోవాలి. హాస్పిటల్ వాళ్లు 21 రోజుల్లోపు వివరాలు పంపాలి. పంపారో లేదో, తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగ్ ఏం పంపారో డిశ్చార్జ్ అప్పుడే అడిగి ఉంటే మంచిది. లేకపోతే బిల్లు కోసం వెళ్లినప్పుడే అడగండి. ధ్రువపత్రం ఆలస్యమైతే హాస్పిటల్ ఇచ్చే జనన వివరాల కాగితంతో దరఖాస్తు పెట్టి, ధ్రువపత్రం తర్వాత ఇస్తామని రాయండి.

ఇక ఉత్తరం. ఇంగ్లీషులో రాసినా వరుస ఇదే ఉంచండి, ఒక్క పేజీ దాటనివ్వకండి.

విషయం: పాలసీ నంబరు ......, సభ్యురాలు శ్రీమతి ......, ప్రసూతి క్లెయిమ్. నవజాత శిశువు చికిత్స క్లెయిమ్. శిశువును పాలసీలో చేర్చుటకు వినతి.

అయ్యా/అమ్మా,

పై పాలసీలో నా భార్య 10-07-2022 నుంచి విరామం లేకుండా సభ్యురాలు. ప్రసూతికి 36 నెలల నిరీక్షణ కాలం (క్లాజు ......) 09-07-2025తో పూర్తయింది. 2024 రెన్యువల్ 30 రోజుల గ్రేస్ పీరియడ్ లోపల 18-07-2024న చెల్లించాము. 10-07-2022 నుంచి లెక్కించి, మధ్యలో ఆ ఎనిమిది రోజులు మినహాయించినా నిరీక్షణ కాలం 17-07-2025తో పూర్తవుతుంది. నాలుగేళ్ల పాలసీ షెడ్యూళ్లు జతచేశాను.

ఆమె ......-09-2025న విజయవాడలోని ...... హాస్పిటల్లో చేరగా 03-09-2025న సిజేరియన్ ద్వారా ఆడశిశువు జన్మించింది. ఇది మొదటి కాన్పు. తల్లి ఐపీ నంబరు ......, బిల్లు నంబరు ......, మొత్తం రూ. 84,600.

శిశువును నియోనేటల్ జాండిస్‌తో 05-09-2025న ఎన్ఐసీయూలో చేర్చి 08-09-2025న డిశ్చార్జ్ చేశారు. శిశువు ఐపీ నంబరు ......, బిల్లు నంబరు ......, మొత్తం రూ. 31,200. దీనిని నవజాత శిశువు కవర్ (క్లాజు ......) కింద, ప్రసూతి పరిమితితో కలపకుండా విడిగా పరిశీలించగలరు.

శిశువును పుట్టిన తేదీ 03-09-2025 నుంచి పాలసీలో చేర్చి, చెల్లించవలసిన ప్రీమియం తెలియజేయగలరు. నామకరణం కాలేదు. ప్రస్తుతం ‘బేబీ ఆఫ్ ......’గా నమోదు చేయగలరు.

హాస్పిటల్ రికార్డులలోని ...... అనే పేరు, పాలసీలోని ...... అనే పేరు ఒకే వ్యక్తివి.

ఉత్తరం ఇంతే. కష్టాలు, ఏజెంటు ఇచ్చిన మాటలు, ‘దయచేసి త్వరగా’ లాంటివి పెడితే తేదీలు వాటిలో మునిగిపోతాయి. మీరు ఆశించే మొత్తం కూడా రాయకండి. బిల్లు మొత్తం రాయండి, పరిమితి వాళ్లే వేస్తారు. 79,800 అని మీరే రాస్తే అక్కడి నుంచి మళ్లీ కోత మొదలవుతుంది.

దీనితో క్లెయిమ్ ఫారం రెండు సెట్లు పెట్టండి, తల్లికి ఒకటి, పాపకి ఒకటి. పార్ట్ ‘ఎ’ మీరు నింపాలి, పార్ట్ ‘బి’ హాస్పిటల్ నింపి ముద్ర వేయాలి. పార్ట్ ‘బి’లో కాన్పు తేదీ, గ్రావిడా అంటే ఎన్నో గర్భం అన్న గడి ఉంటుంది. హాస్పిటల్ వాళ్లు తరచు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. కంపెనీలు కాన్పుల సంఖ్యకి పరిమితి పెడతాయి కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటే ప్రశ్న వచ్చి తీరుతుంది. అలాగే తల్లి డిశ్చార్జ్ సమ్మరీలో సిజేరియన్ ఎందుకు చేశారో కారణం ఉండాలి. మందుల బిల్లులకి చీటీలు, పరీక్షల బిల్లులకి రిపోర్టులు జత ఉండాలి. ఇద్దరివీ కలిసిన మెడికల్ షాపు బిల్లు ఉంటే, ఏ మందు ఎవరిదో చీటీలతో గుర్తుపెట్టి పాపవి ఆ సెట్‌లోకి మార్చండి.

ఫైలు ఇవ్వడానికి గడువు పాలసీలో చూడండి, డిశ్చార్జ్ నుంచి 15 లేదా 30 రోజులని రాసి ఉంటుంది. బిల్లు విడదీయడం ఆలస్యమయ్యేలా ఉంటే తల్లి సెట్ ముందు ఇచ్చేసి, పాప సెట్ వస్తోందని ఉత్తరంలో రాయండి. అసలు కాగితాలు ఇచ్చే ముందు ప్రతి పేజీ స్కాన్ చేసుకోండి. బ్రాంచిలో ఇస్తే మీ నకలు మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి.

తర్వాత కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి ప్రశ్న వస్తే అడిగినదానికే, అదే వరుసలో జవాబివ్వండి. ఇండోర్ కేస్ పేపర్లు అడగడం మామూలే. లిఖితంగా అడిగితే 72 గంటల్లో పేషెంటుకి రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమాల్లో ఉంది, హాస్పిటల్లో ఆ మాట చెప్పి తల్లివీ పాపవీ రెండూ తీసుకోండి.

వెయిటింగ్ కారణంగా తిరస్కరిస్తే ఫోన్లో విని ఊరుకోవద్దు. ఏ క్లాజు కింద, ఏ తేదీ నుంచి లెక్క వేశారో లిఖితంగా అడగండి. పాప క్లెయిమ్ కూడా దానితోనే ముడిపడి ఉండొచ్చు. తల్లి ప్రసూతి క్లెయిమ్ ఆమోదిస్తేనే బిడ్డ కవర్ అనే షరతు చాలా పాలసీల్లో ఉంది. అందుకే మొదటి పేరాలోని తేదీల మీదే పోరాడాలి. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి అవే తేదీలు, షెడ్యూళ్లతో రాయండి. bimabharosa.irdai.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అక్కడికి కూడా ఈ ఉత్తరమే మొదటి జతగా వెళ్తుంది కాబట్టి ఇన్‌వార్డ్ ముద్ర ఉన్న నకలు పోగొట్టుకోకండి.